4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, పెద్ద ఫొటో: టైళ్ల మధ్య గీతలకు ఫెదరింగా, ప్యాడింగా?

పర్లాకిమిడి స్టూడియో: పాత పెళ్లి ఫొటో స్కాన్, 2400×1600. Real-ESRGAN తో నాలుగింతలు చేస్తున్నాను. కార్డు 4 జీబీ, అందుకే ఫొటోను ముక్కలుగా చేసేలా టైల్ 128 పెట్టాను. గోడ మీద, పందిరి మీద లేత గడుల గీతలు పడుతున్నాయి. ఎలా పోతాయి?

బరంపురం బాబు: టైళ్లను కొంచెం ఒకదాని మీదకి ఒకటి ఎక్కించి, కలిసే చోట ఒకటి మెల్లగా ఇంకోదానిలో కలిసిపోయేలా ఫెదర్ చెయ్యండి. నేను అన్నింటికీ అదే చేస్తాను.

రాయగడ ఫ్లెక్స్: మాకూ గీతలొచ్చాయి. ప్రింటర్ హెడ్ క్లీన్ చేయించాక పోయాయి.

గుణుపురం మాస్టారు: ఫైల్‌ను స్క్రీన్ మీద నూరు శాతంలో చూడండి. సరిగ్గా 512 పిక్సెళ్లకొక గీత ఉంటే అది టైల్ అంచే, ప్రింటర్ కాదు. అంచు అవతల ఏముందో మోడల్‌కు కనపడదు, సున్నాలున్నట్టు లెక్కేస్తుంది. అందుకే ప్రతి టైల్‌కూ చుట్టుపక్కల పిక్సెళ్లు కొన్ని అదనంగా చూపించి, ఫలితంలో ఆ అదనాన్ని కోసెయ్యాలి. అదే ప్యాడింగ్. మీరేమీ పెట్టకపోతే అది 10 పిక్సెళ్లే. ఈ మోడల్‌కు చాలదు.

```
python inference_realesrgan.py -n RealESRGAN_x4plus -i pelli.png --tile 256 --tile_pad 32
```

బరంపురం బాబు: ప్యాడ్ పెంచితే టైమ్ దండగ.

గుణుపురం మాస్టారు: చిన్న టైల్ అయితే దండగే. 128కి 32 చేరిస్తే మోడల్ 192 చూడాలి, పని 2.25 రెట్లు. 256కి అదే 32 చేరిస్తే 1.56 రెట్లే. మెమరీ పట్టినంత పెద్ద టైల్ పెట్టాలి. మీ ఫెదర్‌తో అంచులోని తప్పు పలచబడుతుంది, పోదు.

బరంపురం బాబు: పుస్తకం మాటలు చెప్పకండి మాస్టారూ! నేను చేసిన ఫొటోలో చీర జరీ ఒక టైల్‌లో పూలు, పక్క టైల్‌లో చుక్కలు. కస్టమర్ డబ్బులివ్వనన్నాడు. ప్యాడ్ 128 పెట్టినా మారలేదు. ఫెదర్‌తోనే గట్టెక్కాను.

గుణుపురం మాస్టారు: పూలా? ఏ మోడల్ బాబూ?

బరంపురం బాబు: డిఫ్యూజన్‌ది.

గుణుపురం మాస్టారు: మరి ముందే చెప్పాలి కదా! అది లేనిదాన్ని ఊహించి గీస్తుంది. టైల్‌కొక ఊహ. దానికి ప్యాడింగ్ చాలదు, నిజమే. మొత్తం ఫొటోకి ఒకే నాయిస్ తీసుకుని, ప్రతి స్టెప్‌లోనూ టైళ్లు కలిసిన చోట సగటు చెయ్యాలి. అంతా అయ్యాక ఫెదర్ చేస్తే పూలూ చుక్కలూ ఒకదానిలో ఒకటి నీడల్లా కనపడతాయి. అసలు ఆ చీరకు పూలున్నాయా?

బరంపురం బాబు: స్కాన్‌లో మసకగా ఉంది, ఎవరికి తెలుసు? కస్టమర్‌కు జరీ మెరవాలి.

గుణుపురం మాస్టారు: చనిపోయినవాళ్ల ఫొటోలో మనం నేసిన చీర పెట్టడం నాకు ఇష్టం లేదు.

బరంపురం బాబు: ఇష్టం మీది, షాపు నాది.

పర్లాకిమిడి స్టూడియో: 256, 32 పెట్టాను. 247 టైళ్లు 70కి తగ్గాయి, గోడ శుభ్రంగా వచ్చింది. పందిరి గుడ్డ మీద ఒక గీత మాత్రం ఉంది.

గుణుపురం మాస్టారు: ప్యాడ్ 64 పెట్టి ఇంకోసారి తియ్యండి. రెండు ఫైళ్లనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, పై లేయర్‌ను డిఫరెన్స్‌లోకి మార్చి వెలుతురు పెంచండి. 1024 పిక్సెళ్లకొకసారి గడి కనపడితే ప్యాడ్ ఇంకా చాలలేదని అర్థం. అక్కడంతా నల్లగా ఉంటే ఆ గీత స్కాన్‌లోదే, ఫొటో మడత అయ్యుంటుంది.