చంద్రకళల ప్రయోగం: పౌర్ణమి దగ్గర తల నీడ అడ్డొస్తోంది, ఏం చేయాలి?

చీకటి గదిలో బల్బు సూర్యుడు, కర్రకు గుచ్చిన 5 సెం.మీ. థర్మాకోల్ బంతి చంద్రుడు, పిల్లల తల భూమి. బంతిని చేయి చాచి పట్టుకుని ఎడమ వైపుకు మెల్లగా తిరుగుతుంటే నెలవంక, సగం చంద్రుడు చక్కగా వస్తాయి. బంతిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుందనీ, ఆ సగంలో మనకు ఎంత కనిపిస్తే అదే కళ అనీ అక్కడిదాకా పిల్లలకు అర్థమవుతోంది.

చిక్కంతా బల్బుకు వీపు పెట్టినప్పుడే. తల నీడ బంతి మీద పడి పౌర్ణమికి బదులు గ్రహణం వస్తోంది. దాంతో కళలన్నీ భూమి నీడేనని మళ్లీ మొదటికొస్తున్నారు.

బంతిని తలకన్నా పైకెత్తిస్తే నీడ తప్పుతోంది గానీ, నిజం చంద్రుడు అంత పైకి వెళ్తాడా అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కక్ష్య వంపు సుమారు 5 డిగ్రీలే, 60 సెం.మీ. దూరంలో అది 5 సెం.మీ. ఎత్తు మాత్రమే. తల 20 సెం.మీ. అనుకుంటే అసలు దూరాల నిష్పత్తి ప్రకారం బంతి 6 మీటర్ల దూరాన ఉండాలి. అప్పుడు అదే వంపుకి బంతి అర మీటరు పైకి లేచి నీడను తప్పించుకుంటుంది. కానీ అంత దూరంలో బంతిని పట్టుకుని తిరగడం గదిలో కుదరదు.

శుక్ల అష్టమి మధ్యాహ్నం మూడింటికి మైదానంలో కూడా చూపించాం. ఆకాశంలో చంద్రుడి పక్కకు ఎండలో పట్టుకున్న బంతి కూడా చంద్రుడిలాగే సగమే వెలిగినట్టు కనిపించింది. సూర్యుడు ఇంకా పైనే ఉన్నాడు కాబట్టి భూమి నీడ తూర్పు దిగంతానికి కిందే ఉంటుంది, చంద్రుణ్ణి తాకలేదు. ఇది పిల్లలకు బాగా ఎక్కింది. పౌర్ణమికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, చంద్రుడు బాగా పైకొచ్చేసరికి ఎండ ఉండదు.

వంపును అతిగా చూపకుండా, తల నీడ పడకుండా, మామూలు తరగతి గదిలో పౌర్ణమిని చూపించే అమరిక ఏది?