ఇంజిన్ విభాగం నుంచి బ్యాటరీ ప్యాక్ విభాగానికి మారాలంటే ఏం నేర్చుకోవాలి?

సిలిండర్‌హెడ్
నేను మెకానికల్ పట్టభద్రుణ్ణి. ఐదేళ్లుగా ఇంజిన్ వాటర్ జాకెట్ల డిజైన్ చేస్తున్నాను. మా విభాగానికి కొత్త ఇంజిన్ ప్రాజెక్టులు రావడం ఆగిపోయింది. బ్యాటరీ థర్మల్ డిజైన్‌లోకి మారాలంటే ముందుగా సెల్ కెమిస్ట్రీ నేర్చుకోవాలా, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా? జీతం తగ్గించుకొని చేరవలసి వస్తుందా?

పాతగేరు
ఇరవై రెండేళ్లు గేర్‌బాక్సులపై పనిచేసిన నన్ను, విద్యుత్ కార్లకు ఒకే రిడక్షన్ గేరు చాలన్న రోజున పక్కన పెట్టారు. మెకానికల్ వారికి ఇక మిగిలింది బ్యాటరీకి పెట్టె చేసే పనే. ఆశ పెట్టుకోకండి.

శీతలఫలకం
పెట్టె ఒక్కటే మిగిలిందనడం సరికాదు. 96 సెల్స్ సిరీస్‌లో ఉన్న ప్యాక్‌ను తీసుకోండి. ఒక్కో సెల్ అంతర్గత నిరోధం 1 మిల్లీఓమ్ అనుకుంటే, 150 ఆంపియర్ల దగ్గర సెల్‌కు 22.5 వాట్లు, మొత్తం 2,160 వాట్ల వేడి పుడుతుంది. ఫాస్ట్ ఛార్జింగ్‌లో కరెంటు 300 ఆంపియర్లకు చేరితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లై 8,640 వాట్లవుతుంది. నీరు, గ్లైకాల్ మిశ్రమం నిమిషానికి 10 లీటర్లు పారుతుంటే, ఈ వేడంతా అందుకొని బయటికి వచ్చేసరికి అది సుమారు 14 డిగ్రీలు వేడెక్కుతుంది. సెల్స్ మధ్య తేడా 5 డిగ్రీలు దాటకూడదని చాలా డిజైన్లలో లక్ష్యం పెట్టుకుంటారు. వాటర్ జాకెట్ చేసిన మీకు ఈ లెక్క కొత్తది కాదు. ముందుగా నేర్చుకోవలసింది సెల్ నిరోధం ఉష్ణోగ్రతతోను, ఛార్జ్ స్థాయితోను ఎలా మారుతుందన్నదే.

వోల్టేజి
నేను ఎలక్ట్రికల్ చదివాను, ప్యాక్‌లపైనే పనిచేస్తున్నాను. మీరు లేని సమస్యను చూపిస్తున్నారు. కూలెంట్‌ను మాడ్యూళ్లకు ప్యారలల్‌గా పంపితే ఆ 14 డిగ్రీలు మాయమవుతాయి.

శీతలఫలకం
మాయం కావండీ. మొత్తం ఫ్లో, మొత్తం వేడి మారనప్పుడు కూలెంట్ అంతే వేడెక్కి బయటికి వస్తుంది. మాడ్యూల్‌కూ మాడ్యూల్‌కూ మధ్య ఉన్న తేడా ప్రతి మాడ్యూల్ లోపలికి చేరుతుంది, అంతే.

వోల్టేజి
మాడ్యూళ్లన్నీ ఒకేలా ఉంటాయని మీరే ఒప్పుకున్నారు. మాకు అది చాలు. పాఠం చెప్పే ధోరణి తగ్గించుకుంటే బాగుంటుంది.

శీతలఫలకం
ఫ్లో అన్ని శాఖలకూ సమానంగా అందితేనే ఒకేలా ఉంటాయి. మేము చేసిన ఒక ప్యాక్‌లో ఎనిమిది మాడ్యూళ్లలో ఒకటి మాత్రం లోడులో ఎక్కువ వేడెక్కేది. బస్‌బార్ జాయింట్ వదులైందని ఎలక్ట్రికల్ బృందం, శాఖలో ఫ్లో తక్కువైందని మేము వారం రోజులు వాదించుకున్నాం. చివరికి కరెంటు పూర్తిగా ఆపి, వేడి కూలెంట్ పంపి చూశాం. అన్ని మాడ్యూళ్లూ వేడెక్కుతుంటే అదొక్కటే వెనుకబడింది. తప్పు జాయింటుదైతే కరెంటు లేనప్పుడు అదీ మిగతా వాటితో సమానంగా వేడెక్కేది. విప్పి చూస్తే ఫ్లో సరిగానే ఉంది. సెల్స్‌కూ కూలింగ్ ప్లేటుకూ మధ్య పూసిన గ్యాప్ ఫిల్లర్‌లో పెద్ద ఖాళీ కనిపించింది. అంటే మా వాదన కూడా తప్పే.

గాస్కెట్‌పని
నా అనుభవం వేరు. హెడ్ గాస్కెట్లు చేసిన నన్ను ప్యాక్ సీలింగ్ కోసమే తీసుకున్నారు. సన్నని మూతపై బోల్టుల దూరం పెరిగితే నడుమ మూత పైకి వంగి, అక్కడ గాస్కెట్‌పై ఒత్తిడి తగ్గుతుంది. అయితే ప్రెషర్ డికే లీక్ టెస్టులో నేను మొదట పొరబడ్డాను. ఇప్పుడే వెల్డింగ్ అయిన కేసు చల్లారుతుంటే లోపలి గాలి పీడనం దానంతటదే పడిపోయి, లీకు లేకపోయినా లీకులా కనిపిస్తుంది.

కొత్తపట్టా
నేను ఎలక్ట్రికల్ చదివాను. ఇంటర్వ్యూలో 400 వోల్టుల డీసీ ప్యాక్‌కు కనీస ఇన్సులేషన్ నిరోధం ఎంతని అడిగితే, వోల్టుకు 100 ఓమ్‌ల లెక్కన 40 కిలోఓమ్‌లని చెప్పగలిగాను. కూలెంట్ లీకైతే ఆ విలువ ఎలా పడిపోతుందని అడిగినప్పుడు మాత్రం నోరు మెదపలేకపోయాను. మెకానికల్ వారికే ఇబ్బందని ఎవరూ అనుకోకండి.

పాతగేరు
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఆయన అడిగిన జీతం సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

వోల్టేజి
గ్యాప్ ఫిల్లర్ ఖాళీ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. ప్యారలల్ శాఖల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

సిలిండర్‌హెడ్
సెల్ నిరోధంతోనే మొదలుపెడతాను. శీతలఫలకం గారూ, ఆ ఖాళీని ప్యాక్ విప్పకుండా అసెంబ్లీ లైన్‌లోనే పట్టుకోవడానికి తర్వాత ఏ పరీక్ష పెట్టారు?