రాజచంద్రుడి వాక్యంలో ప్రధానం రూపకమా, శ్లేషా?

గుంటూరులో డిగ్రీ తెలుగు పిల్లలకు అలంకారాలు చెబుతుంటాను. అభ్యాసం కోసం నేనే రాసిన ఒక వాక్యం దగ్గర పీటముడి పడింది:

‘రాజచంద్రుడు కరములు సాచగానే కువలయమెల్ల వికసించెను.’

కరమంటే చెయ్యి, కిరణం కూడా. కువలయమంటే భూమండలం, నల్లకలువ కూడా. రాజే చంద్రుడన్నాం కాబట్టి రూపకం. చంద్రుడిలాంటి రాజని విప్పుకుని ఉపమ అనేవాళ్లూ ఉన్నారు గానీ, కలువ వికసించాలంటే నిజంగా చంద్రుడే కావాలి కదా! అందుకని ఉపమని పక్కన పెట్టేశాను.

తర్వాత మాటలు మార్చి చూశాను. ‘చంద్రుడు’ తీసి ‘శశాంకుడు’ పెడితే రూపకం చెక్కుచెదరలేదు. ‘కరములు’ తీసి ‘చేతులు’ పెడితే కిరణాలు పోయాయి. ‘కువలయము’ బదులు ‘భూమి’ అంటే కలువా పోయింది. అంటే ఇది శబ్దశ్లేషే. అయితే ఆ రెండు మాటలూ మార్చాక రాజుని చంద్రుడనడానికి వాక్యంలో ఆధారమే మిగల్లేదు. రూపకం పేరుకి ఉంది, బలం లేదు. ఒక విద్యార్థి శ్లేషే ప్రధానమని పట్టుబట్టాడు. నాకు మాత్రం శ్లేష ఇక్కడ రూపకానికి ఊతమేననిపిస్తోంది. దగ్గరున్న గైడ్లలో రెండింటికీ విడివిడి లక్షణాలే ఉన్నాయి, కలిసొచ్చిన చోట ఏం చెయ్యాలో లేదు.

పరీక్షలో ఈ వాక్యమిచ్చి ఒక్క అలంకారమే పేర్కొనమంటే, మీరు దేన్ని రాయిస్తారు, ఏ కారణం చూపిస్తారు?