గురువారం రాత్రి కొన్న పూలు శుక్రవారం పూజకి: ఫ్రిజ్జా, తడిగుడ్డా?

రాధిక_నిజాంపేట
వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పంతులుగారు పొద్దున్న 6 గంటలకే వస్తానన్నారు, అందుకని పూలు గురువారం సాయంత్రమే కొనాలి. పోయినేడు రెండు మూరల సన్నజాజులు, ఒక చామంతి దండ, డజను గులాబీలు తెచ్చి, బాగా నీళ్లు చల్లి, కవర్లో ముడివేసి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారేసరికి జాజులు గోధుమరంగుకి తిరిగి జిగటగా అయ్యాయి, గులాబీల అంచులు నల్లబడ్డాయి. అమ్మవారికి అవే పెట్టాల్సి వచ్చింది, ఆ బాధ ఇంకా పోలేదు. ఈసారి ఫ్రిజ్‌లో పెట్టాలా, తడిగుడ్డలోనా? నీళ్లు చల్లాలా, వద్దా?

గంపలో_పూలు
ఫ్రిజ్ వద్దండి. వెదురు గంపలో అరటి ఆకు పరిచి, దండలు ఒకదాని మీద ఒకటి పడకుండా చుట్టలుగా పెట్టి, పైన పలచటి తడిగుడ్డ కప్పండి. ఇంట్లో చల్లగా ఉండే మూల, నేల మీద ఉంచండి. పడుకునే ముందు ఒకసారి చేత్తో నీళ్లు చిలకరించండి, చాలు. మా నాన్న 30 ఏళ్లుగా పూలకొట్టు నడుపుతున్నారు. మా కొట్లో ఫ్రిజ్ లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు.

విజయ్_డాలస్
ఇక్కడ పండగకి వారం ముందే మల్లెలు కొని ఫ్రీజర్‌లో పెట్టేస్తాం. పొద్దున్న తీస్తే తెల్లగా బాగుంటాయి.

ఉద్యానం_శేషు
విజయ్‌గారూ, ఫ్రీజర్‌లోంచి తీసినప్పుడు బాగానే ఉంటాయి, అరగంట ఆగి చూడండి. రేకులోని నీరు గడ్డకట్టి లోపలి పొరలను చీల్చేస్తుంది. కరిగాక పువ్వు ఉడకబెట్టినట్టు మెత్తగా వేలాడుతుంది.

రాధికగారూ, మీ పూలను పాడు చేసింది ఫ్రిజ్ కాదు, ఆ నీళ్లూ కవరూ. కోసిన పువ్వు కూడా ఊపిరి పీలుస్తుంది, దాంతో వేడి పుడుతుంది. ముడివేసిన కవర్లో ఆ వేడీ చెమటా బయటికి పోలేవు. జాజి రేకు చాలా పలచన, దాని మీద నీటిచుక్క రాత్రంతా నిలిస్తే అక్కడే మచ్చ పడుతుంది, బూజు కూడా అక్కడే మొదలవుతుంది. గులాబీల అంచులు నల్లబడ్డాయన్నారు కదా, బహుశా కవరు ఫ్రిజ్ వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. చల్లగాలి వచ్చే చోటు అదే, అక్కడ రేకు అంచులు గడ్డకడతాయి.

ఈసారి ఇలా చేయండి. తేగానే డబ్బాలో పెట్టేయకండి. ఎండలో, ఆటోలో వచ్చిన పూలు వేడిగా ఉంటాయి. నీడలో, తడిపి గట్టిగా పిండిన గుడ్డ మీద అరగంట, ముప్పావుగంట విడివిడిగా పరవండి. తడిగా అమ్మితే ఆ తడి ఆరేదాకా ఉంచండి. తరవాత స్టీలు డబ్బాలో అడుగున పొడి కాగితం, దాని మీద దండ, పైన డబ్బా నోటికి అడ్డంగా పిండిన గుడ్డ. గుడ్డ పూలకి తగలకూడదు. మూత బిగించకుండా కాస్త వారగా పెట్టి, కూరగాయల ట్రేలో ఉంచండి. మిగతా ఫ్రిజ్ కన్నా అక్కడ చలి తక్కువ, తేమ ఎక్కువ. పొద్దున్న 5 గంటలకి బయటికి తీసి, ఈసారి మూత పూర్తిగా మూసి, 20 నిమిషాలు అలాగే ఉంచండి. వెంటనే తెరిస్తే శ్రావణమాసపు గాలికి చల్లటి రేకులు చెమర్చి మళ్లీ తడుస్తాయి.

గులాబీలకి ఇదేం అక్కర్లేదు. కాడల చివర ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, బకెట్లో నిలబెట్టి ఏసీ లేని చల్లటి గదిలో ఉంచండి. కాడ ఉన్న పువ్వు నీళ్లు తాగుతుంది. దండలోని పువ్వుకి ఆ దారి లేదు, పైన ఎంత చల్లినా అది తాగినట్టు కాదు.

కరుణ_సిద్దిపేట
బతుకమ్మకి తంగేడు ముందురోజే తెస్తాం. మూట కట్టిన సంచి విప్పకుండా వదిలేస్తే మధ్యలో చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, పొద్దున్నకి రేకులన్నీ రాలిపోతాయి. తడి గోనె మీద పరిస్తే నిలుస్తాయి. ఫ్రిజ్‌లో పట్టేన్ని కావు కదా.

నాగమణి_తెనాలి
ఫ్రిజ్‌లో ఉల్లిపాయ కూర, గుడ్లు, నిన్నటి అన్నం ఉంటాయి. వాటి పక్కన పెట్టిన పూలు అమ్మవారికి ఎలా పెడతారమ్మా? మా అత్తగారు ఇలాగే ఫ్రిజ్‌లో పెట్టిన దండ తీసి పెరట్లో మొక్కకి వేశారు, పెళ్లయిన మొదటి ఏడాది. ఆ రోజు నేను వంటింట్లో ఏడ్చాను.

ఉద్యానం_శేషు
నాగమణిగారూ, ఆచారం ఇంటింటికీ వేరు, దాని గురించి నేను చెప్పను. మూత ఉన్న డబ్బా వాడితే వాసన అంతగా అంటదు, అంతవరకే నాకు తెలుసు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. అదే ఫ్రిజ్‌లో మాగిన అరటిపండ్లు, ఆపిల్ ఉంటే ముందు తీసేయండి. మాగే పండ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. జాజి, మల్లె మొగ్గలు దానికి త్వరగా రాలతాయి. వ్రతానికి తెచ్చిన అరటి హస్తం పక్కన గంప పెట్టినా అంతే.

నీళ్లు చల్లడం గురించి ఖచ్చితంగా చెబుతున్నాను, రాత్రికి మూసిపెట్టే పూల మీద వద్దు. మార్కెట్లో చల్లేది తాజాదనం కోసం కాదు, తూకం కోసం. అది చూసి ఇంట్లోనూ చల్లుతారు.

గంపలో_పూలు
మాస్టారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి.

మా నాన్న తెల్లవారుజామున 3 గంటలకి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్లి సరుకు తెచ్చి, రాత్రి 10 దాకా కొట్లో కూర్చుంటారు. వేసవిలో రోడ్డు మీద వేడిగాలి మొహానికి కొడుతుంటే అరగంటకోసారి తడిచేత్తో చిలకరించి, గంపలో కింది పూలు పైకి తిప్పుతారు. ఆ నీళ్లతో ఆయన వేళ్ల సందులు ఒరిసిపోయి ఉంటాయి. జాజులు మేము తూకానికి అమ్మం, మూరకి అమ్ముతాం. మూరకి నీళ్లు చల్లితే ఏం పెరుగుతుంది? పండగ రోజు నలుగురి ముందు ఒకామె "తడిపి అమ్ముతావా" అని దండ మొహాన కొట్టినంత పని చేసింది. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని ఒక్క మాటలో తేల్చేస్తారు.

విజయ్_డాలస్
కొట్టు పూలు కాదు కదా ప్రశ్న?

కరుణ_సిద్దిపేట
విజయన్నా, కాసేపు ఆగండి.

ఉద్యానం_శేషు
అమ్మా, అలా అనడం నా తప్పు. చామంతి, బంతి కిలోల్లెక్కన అమ్మేచోట తూకం కోసం తడపడం నేను కళ్లారా చూశాను, కానీ దాన్ని మీ నాన్నగారికీ అంటగట్టాను. క్షమించండి.

మీరు రాసింది చదివాక ఇంకోటి అర్థమైంది. మీది తెరిచిన గంప. గాలి ఆడుతుంది, చల్లిన నీరు అరగంటలో ఆరిపోతుంది, ఆరేటప్పుడు పువ్వుని చల్లబరుస్తుంది. పైగా గంటగంటకీ తిప్పుతున్నారు. నేను మాట్లాడేది మూసిన డబ్బా గురించి. అక్కడ నీరు ఆరదు, ఎవరూ తిప్పరు. ఇద్దరం రెండు వేరే సంగతులు మాట్లాడుకుంటున్నాం.

అయినా పడుకునే ముందు చిలకరించాలన్న దానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. మే నెలలో అనంతపురంలో అయితే సరే. శ్రావణంలో వానపడిన రాత్రి గాలిలోనే తేమ నిండి ఉంటుంది, గంప మీద గుడ్డ కూడా ఆరదు, చల్లదనం రాదు. తడి మాత్రం మిగులుతుంది.

గంపలో_పూలు
సరే మాస్టారూ. వాన రాత్రి సంగతి ఒప్పుకుంటాను, మేము కూడా ముసురు పడితే చల్లం, గుడ్డ మాత్రమే కప్పుతాం.

కానీ నా అసలు అభ్యంతరం మీకు చెప్పనే లేదు. మీరు పొద్దున్న 6 గంటలే చూస్తున్నారు. వరలక్ష్మీ వ్రతం అంటే సాయంత్రం దాకా పేరంటాళ్లు వస్తూనే ఉంటారు, తాంబూలంలో పూలు పెట్టాలి. జాజి సాయంత్రం గట్టి మొగ్గగా కొంటే రాత్రి గంపలో మెల్లగా విచ్చి, పొద్దున్నకి వాసనతో ఉంటుంది. ఫ్రిజ్‌లో మొగ్గ మొగ్గలాగే బిగుసుకుపోతుంది. వాసన రాదు. బయటికి తీశాక సరిగ్గా విచ్చకుండానే కొన్ని రాలతాయి. ఎంతసేపు నిలిచిందన్నది కాదు, పువ్వు పువ్వు అయిందా లేదా అన్నది చూడాలి.

నాగమణి_తెనాలి
ఈ అమ్మాయి మంచి మాట చెప్పింది. రాత్రి మొగ్గగా ఉండి తెల్లారి విచ్చుకున్నది నిన్నటి పువ్వు ఎలా అవుతుంది? మా అత్తగారికి అప్పుడు ఈ మాట చెప్పడం నాకు చేతకాలేదు.

ఉద్యానం_శేషు
చలిలో మొగ్గ విచ్చడం ఆగుతుంది, అది నిజం. నేను దాన్ని లాభంగా చూశాను, మీరు నష్టంగా చూస్తున్నారు. అప్పటికే సగం విచ్చిన జాజులు దొరికితే మాత్రం గంపలో తెల్లారేదాకా ఆగవు.

రాధిక_నిజాంపేట
అందరికీ నమస్కారం. వ్రతం బాగా జరిగింది, ఏమైందో రాస్తున్నాను.

జాజులు నాలుగు మూరలు కొని రెండుగా చేశాను. రెండు మూరలు శేషుగారు చెప్పినట్టు డబ్బాలో, రెండు మూరలు గంపలో. ఆ రాత్రి వాన పడింది, అందుకని నీళ్లు చల్లలేదు. పొద్దున్న డబ్బాలోవి ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి, కానీ సగం పైన మొగ్గలే. కలశానికి కట్టాక పదిన్నరకల్లా కింద పళ్లెంలో మొగ్గలు రాలి కనిపించాయి. గంపలోవి అన్నీ విచ్చాయి, తలుపు తీయగానే గదంతా వాసన. అయితే ఒక చుట్ట మీద ఇంకో చుట్ట పడిన చోట అయిదారు పూలు గోధుమరంగుకి తిరిగాయి. సాయంత్రానికి రెండూ వాడాయి. పేరంటాళ్లకి మా వీధి చివర అప్పటికప్పుడు ఒక మూర కొన్నాను.

చామంతి దండ కూడా గంపలోనే పెట్టాను, శనివారం కూడా బాగుంది. గులాబీలు బకెట్లో పెట్టినవే ఈసారి అన్నిటికన్నా అందంగా వచ్చాయి. అంచు నల్లబడలేదు.

ఉద్యానం_శేషు
డబ్బా కూరగాయల ట్రేలోనే పెట్టారా, పై అరలోనా?

రాధిక_నిజాంపేట
ట్రే నిండా కూరగాయలున్నాయండి. పై అరలో పెట్టాను.

ఉద్యానం_శేషు
అక్కడ చలి ఎక్కువ. మొగ్గలు రాలడానికి అది కూడా కారణం అయి ఉండొచ్చు. ఒక్క రాత్రితో ఫ్రిజ్‌ని కొట్టిపారేయలేం.

గంపలో_పూలు
రాధికగారూ, ఆ రెండు మూరలూ దారంతో కట్టినవా, అరటి నారతోనా? తడిపిన నార అయితే కాడ దగ్గర తేమ ఉంచుతుంది. దారంతో బిగించి కడితే కాడ నలిగి ఎక్కడ పెట్టినా రాలతాయి. పై వారం ఇంకో శ్రావణ శుక్రవారం ఉంది కదా, నారతో కట్టినవి అడిగి తీసుకోండి.

రాధిక_నిజాంపేట
దారమే. రెండూ ఒకే కొట్లో కొన్నవి. వచ్చే గురువారం నారవి దొరికితే ట్రే ఖాళీ చేసి పెట్టి చూస్తాను.