క్షయకరణంలో క్షయించేది ఏమిటి?

ఏలూరు సభ్యురాలు: ఇంటర్మీడియట్‌లో మా వృక్షశాస్త్రం మాస్టారు శ్వాసక్రియ పాఠం చెబుతూ ఒక వాక్యాన్ని మా చేత వల్లె వేయించేవారు. ‘విడిచినది ఆక్సీకరణం, పుచ్చుకున్నది క్షయ...’ అన్నంతవరకు నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ తరువాత ఆయన ‘క్షయకరణం’ అన్నారో ‘క్షయీకరణం’ అన్నారో ఎంత తలచుకున్నా తేలడం లేదు. ఇప్పుడు మా అమ్మాయి అదే పాఠం చదువుతూ, కణంలో ఎలక్ట్రాన్లను మోసే NAD+ అనే అణువు రెండు ఎలక్ట్రాన్లను పుచ్చుకుని NADH అయినప్పుడు దాని దగ్గర సరుకు పెరిగింది కదా, మరి దానిని క్షయకరణం చెందిన రూపం అని ఎందుకంటారని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఆ అక్షరం సంగతీ ఆ అర్థం సంగతీ దయచేసి చెప్పండి.

రాజమహేంద్రవరం సభ్యులు: అమ్మా, ‘క్షయీకరణం’ అనడమే సాధువు. ఏకీకరణం, శుద్ధీకరణం వంటి మాటలలోని ఈకారం చ్వి ప్రత్యయం వల్ల వచ్చినది, అంతకుముందు లేని స్థితి కొత్తగా కలగడాన్ని అది చెబుతుంది. NAD విషయంలో జరిగేది అదే కదా. ఇక అర్థానికి వస్తే, ‘క్షి’ ధాతువుకు తరగడమే కాక నివసించడం అనే అర్థం కూడా ఉంది, కాబట్టి క్షయం అంటే ఇల్లు. ఎలక్ట్రాన్లు వచ్చి కాపురముండే ఇల్లు NADH అని చెప్పుకుంటే మీ అమ్మాయి సందేహం తీరిపోతుంది.

తెనాలి సభ్యులు: నేను ముప్పై రెండేళ్లు రసాయనశాస్త్రం బోధించాను. రాజమహేంద్రవరం వారి ఊహ అందంగా ఉన్నది కానీ నిలవదు. నివాసమనే అర్థంలో ఆ మాటకు మొదటి అక్షరం ఉదాత్తమవుతుందని పాణిని ‘క్షయో నివాసే’ అని ప్రత్యేకంగా సూత్రం చేశాడు, అంటే రెండు క్షయాలూ వేరన్నమాట. మన పరిభాషలోని క్షయం కచ్చితంగా తరుగుదలే. లోహాల పని చేసేవారి దృష్టితో చూస్తే అది అర్థవంతమైన మాట. శుద్ధమైన హెమటైట్ 160 కిలోల నుంచి ఆక్సిజన్‌ను పూర్తిగా లాగివేస్తే 112 కిలోల ఇనుము మిగులుతుంది. కళ్ల ముందే 48 కిలోలు తరిగిపోతే దానిని క్షయం అనక ఏమంటారు? ఎలక్ట్రాన్ల లెక్క తరువాత వచ్చింది, పాత పేరు అలాగే ఉండిపోయింది. ఇక ఈకారం గురించి: ‘ఆక్సీ’లోని దీర్ఘం ఆక్సిజన్ మాట నుంచి వచ్చినదే కావచ్చు, దానిని చూసి ‘క్షయీ’ అని సవరించనక్కరలేదు.

విశాఖ సభ్యులు: అంత దూరం వెళ్లనక్కరలేదండీ. NAD+ మీద ప్లస్ ఉన్నది, NADH మీద లేదు. తరిగినది ఆ ధనావేశమే. క్షయకరణం అంటే ఆవేశం క్షయించడం, అంతే.

హైదరాబాదు సభ్యురాలు, జీవరసాయనం బోధిస్తారు: విశాఖ వారు సగం సరిగా చెప్పారు. ఎలక్ట్రాన్లు చేరితే ఆక్సీకరణ సంఖ్య తగ్గుతుందన్న మాట నిజమే, కానీ ఆ ప్లస్ గుర్తును మొత్తం అణువు ఆవేశంగా చదవకూడదు. అది నికోటినమైడ్ వలయంలోని ఒక్క నైట్రోజన్ మీద ఉన్నది. కణంలో ఉండే పరిస్థితిలో రెండు ఫాస్ఫేట్ల ఋణావేశాలను కూడా కలిపితే NAD+ మొత్తం ఆవేశం మైనస్ ఒకటి, NADHది మైనస్ రెండు. పైగా అలాగే ఎలక్ట్రాన్లను మోసే FAD అనే మరొక అణువు రెండు ఎలక్ట్రాన్లతో పాటు రెండు ప్రోటాన్లను కూడా తీసుకుని FADH2 అవుతుంది కనుక అక్కడ ఆవేశం మారనే మారదు, అయినా అది క్షయకరణమే.

మీ అమ్మాయికి పేరు కన్నా ముందు ఒక కొలత చూపించండి. NADH 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది, NAD+ ఆ చోట దాదాపు పీల్చుకోదు. ఒక సెంటీమీటరు వెడల్పు గల గాజు గొట్టంలో 0.1 మిల్లీమోలార్ NADH పోస్తే పరికరం ఆ కాంతి శోషణను 0.622గా చూపిస్తుంది. అందులో పైరువేట్ వేసి లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ కలిపితే, రెండు ఎలక్ట్రాన్లు ఒక హైడ్రోజన్‌తో కలిసి హైడ్రైడ్‌గా NADH నుంచి పైరువేట్ మీదికి వెళతాయి, పైరువేట్ లాక్టేట్ అవుతుంది, రీడింగ్ తగ్గుతూ వస్తుంది. అది 0.311కు దిగినప్పుడు సగం NADH ఆక్సీకరణం చెంది NAD+ అయినట్లు లెక్క. పుచ్చుకున్న పైరువేట్ క్షయకరణం చెందింది, ఇచ్చిన NADH ఆక్సీకరణం చెందింది, ఇందులో ఆక్సిజన్ ఎక్కడా లేదు. పరుగు పందెంలో కండరం చేసేది కూడా ఇదే. గ్లూకోజ్‌ను పైరువేట్‌గా విడగొట్టే గ్లైకాలసిస్ సాగాలంటే ఖాళీ NAD+ మళ్లీ మళ్లీ కావాలి, ఆక్సిజన్ సరిపోనప్పుడు దానిని తిరిగి ఇచ్చేది ఈ లాక్టేట్ చర్యే.

కర్నూలు సభ్యులు: నేను రోగనిర్ధారణ ప్రయోగశాలలో పని చేస్తాను. ఆ పరీక్ష మేము రోజూ చేస్తాము. కలిపి ఉంచిన NADH ద్రావణం పాతబడితే మొదటి రీడింగే తక్కువగా వస్తుంది, అప్పుడు ఆ సీసాను పక్కన పెట్టి కొత్తది కలుపుకోవాలి. ఇన్నేళ్లుగా ఆ తగ్గుదలను చూస్తూ, క్షయకరణం అంటే రీడింగ్ క్షయించడమేననుకున్నాను. తీరా చూస్తే రీడింగ్ తగ్గేది ఆక్సీకరణంలోనా!

ఒంగోలు సభ్యులు: క్షయ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. మా నాన్నగారికి క్షయ వచ్చినప్పుడు ఐసోనియాజిడ్ మాత్రలతో పాటు బీ6 విటమిన్ ఇచ్చారు. మీరు చెప్పే NADకూ ఆ జబ్బుకూ సంబంధం ఉన్నదా?

హైదరాబాదు సభ్యురాలు: ఇక్కడి క్షయం వేరు, ఆ జబ్బు వేరు. కానీ మీ ప్రశ్న వృథా కాలేదు. ఐసోనియాజిడ్‌ను క్షయ బాక్టీరియాలోని కాటలేజ్-పెరాక్సిడేజ్ ఎంజైమ్ చురుకైన రూపంలోకి మారుస్తుంది. అది NADకు అతుక్కుని, బాక్టీరియా పైపొరకు కావలసిన మైకోలిక్ ఆమ్లాల తయారీలో NADHతో పని చేసే మరొక ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. బీ6 ఇచ్చేది ఆ మందు వల్ల నరాలు దెబ్బతినకుండా.

తెనాలి సభ్యులు: అమ్మా, ఒక్క సందేహం. మా కాలపు పుస్తకాలలో NADH2 అని ఉండేది. అది తప్పా?

హైదరాబాదు సభ్యురాలు: రెండు హైడ్రోజన్లు సబ్‌స్ట్రేట్‌ను విడిచాయన్న లెక్క వరకు అది సరిపోతుంది, మాస్టారూ. కానీ వాటిలో ఒకటే NAD మీదికి ఎక్కుతుంది, రెండవది ప్రోటాన్‌గా నీటిలో కలుస్తుంది. అందుకే ఇప్పుడు NADH + H+ అని రాస్తున్నారు. FADH2లో మాత్రం రెండూ అణువు మీదే ఉంటాయి. మరొక భేదం కూడా ఉన్నది: NADH విడిగా తిరుగుతూ ఒక ఎంజైమ్ దగ్గర నుంచి మరొకదాని దగ్గరకు వెళుతుంది, సక్సినేట్ డీహైడ్రోజినేజ్‌లోని FAD మాత్రం ఆ ఎంజైమ్‌కే బంధించి ఉంటుంది. FADH2 నడిచి వెళ్లి ఎలక్ట్రాన్ రవాణా శ్రేణికి సరుకు అందిస్తుందని చెబితే పిల్లలకు తప్పు బొమ్మ ఏర్పడుతుంది, ఎందుకంటే ఆ ఎంజైమే ఆ శ్రేణిలోని రెండవ సంక్లిష్టం.

కిరణజన్య సంయోగక్రియలో NADP+కు ఎలక్ట్రాన్లు అందించే చివరి ఎంజైమ్‌లో కూడా ఒక FAD ఉన్నది. అక్కడ తయారైన NADPH కాల్విన్ వలయంలో ఒక్కొక్క కార్బన్ డయాక్సైడ్‌కు రెండు చొప్పున ఖర్చవుతుంది. శ్వాసక్రియలో NADH ఎలక్ట్రాన్లు చివరికి ఆక్సిజన్‌కు చేరి నీరు ఏర్పడుతుంది, ఇక్కడ నీటి నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు NADPH చేతికి వస్తాయి. దిశ తిరగబడినా, పుచ్చుకున్నదే క్షయకరణం చెందినదన్న నియమం మారదు.

రాజమహేంద్రవరం సభ్యులు: రసాయనం నాకు ఒప్పుదలే. ఈకారం విషయంలో మాత్రం నేను నా మాట వదులుకోను. మాస్టారు వల్లె వేయించిన వాక్యంలో ‘ఆక్సీకరణం’తో లయ కుదరాలంటే ‘క్షయీకరణం’ అనే పలికి ఉంటారు.

ఏలూరు సభ్యురాలు: నా సహాధ్యాయిని ఆనాటి నోటుపుస్తకం వెతికి ఆ పేజీ ఫొటో పంపింది. ‘క్షయ’ వరకు స్పష్టంగా ఉన్నది, తరువాతి అక్షరం మీద సిరా అలుక్కుపోయింది. గుడి దీర్ఘం లాంటి గీత ఒకటి కనిపిస్తున్నది కానీ అది కింది పేజీ నుంచి దిగిన మరక కూడా కావచ్చు. 340 నానోమీటర్ల సంగతి మా అమ్మాయికి చెబితే, మరి FADకి కూడా అలా కనిపించే రంగు ఏమైనా ఉన్నదా అని అడుగుతున్నది.

హైదరాబాదు సభ్యురాలు: ఉన్నది. ఆక్సీకరణం చెందిన FAD పసుపుపచ్చగా ఉంటుంది, ఎలక్ట్రాన్లు పుచ్చుకున్నప్పుడు ఆ పసుపు పోతుంది. అక్కడ మాత్రం రంగు నిజంగానే క్షయిస్తుంది.