గూడూరు అని రాస్తే ఏ గూడూరుకి వెళ్తుందో తెలియట్లేదు

బందరు_బిడ్డ: మాది కృష్ణా జిల్లా గూడూరు. అమ్మ మందుల పార్సిల్ మళ్ళీ నెల్లూరు వైపు గూడూరుకి పోయింది. ఒకే పేరు ఇన్ని జిల్లాల్లో ఎలా వచ్చింది? ప్రభుత్వం కాగితాల్లో వీటిని ఎలా విడగొడుతుంది?

జంక్షన్_గూడూరు: గూడూరంటే మాదే, రైల్వే వాళ్ళు GDR అనేది మమ్మల్నే. మా బాధ వేరు. 2022లో మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. పాత పట్టాలో ఒక జిల్లా, కొత్త సర్టిఫికెట్లో ఇంకో జిల్లా, బ్యాంకులో ఎవరికి చెప్పుకోవాలి?

కొండారెడ్డి_బురుజు: మీదే అంటే ఎట్లన్నా? మా కర్నూలు గూడూరు కూడా మండల కేంద్రమే. జంక్షన్ ఉంటే పేరు రాసిచ్చినట్టా?

ఓరుగల్లు_వాసి: మా మహబూబాబాద్ గూడూరును అందరూ మర్చిపోయిన్రు. ఇంత గొడవెందుకు, పిన్ కోడ్ చూస్తే జిల్లా తెలిసిపోతది కదా.

పాత_రెవెన్యూ: తెలియదండీ. పిన్ తపాలా వాళ్ళ సార్టింగ్ కోసం. జంక్షన్ గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా పిన్ 524101గానే ఉంది, ఆ 524 నెల్లూరు వైపుది. మీది 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పటికీ 506తోనే మొదలవుతుంది.

ఊళ్ళకి పేర్లు ఎవరూ పైనుంచి పంచలేదు. ఎక్కడివాళ్ళు అక్కడ పెట్టుకున్నారు, లెక్కలు కూడా తాలూకాలోనే ఉండేవి. పైగా ఓరుగల్లు గారి గూడూరు నిజాం ఏలుబడిలోది, మిగతా మూడూ మద్రాసు ప్రెసిడెన్సీవి. 1956లో ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. అయినా నాలుగింటిలో తాలూకా కేంద్రం నెల్లూరు గూడూరు ఒక్కటే కాబట్టి తాలూకా పేరు రాస్తే సరిపోయేది. 1985లో మండలాలు వచ్చాక నాలుగూ మండల కేంద్రాలయ్యాయి, ఇక 'గూడూరు గ్రామం, గూడూరు మండలం' అని రాస్తే ఏదీ తేలదు. జిల్లా ఒక్కటే దిక్కు, అదేమో రెండింటికి మారిపోయింది.

ఓరుగల్లు_వాసి: మా పోస్ట్‌మ్యాన్ పిన్ చూసే తెచ్చిస్తడు. మీ తాలూకాలు ఎప్పుడో పోయినయి, ఇప్పుడెందుకవి?

పాత_రెవెన్యూ: ఉత్తరానికి పిన్ చాలు, కాదనను. భూమి కాగితానికి చాలదు. అక్కడ రెవెన్యూ గ్రామం పేరు, దాని కోడ్ చూడాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ LGD పోర్టల్‌లో ప్రతి ఊరికీ విడి నంబరు ఉంటుంది. జంక్షన్ గారూ, బ్యాంకు అడ్డం తిరిగితే రెండు జిల్లాల పేర్లున్న కాగితాలతో పాటు ఆ కోడ్ కూడా చూపించండి.

కోనసీమ_కొబ్బరి: మాకు పేరు ముందు అక్షరం తగిలించారు, పి.గన్నవరం అని. అయినా బుకింగ్ యాప్‌లో 'గన్నవరం' కొడితే విమానాశ్రయమున్న గన్నవరమే ముందొస్తుంది. ఇంతకీ ఆ 'పి' ఏంటో మా ఊళ్ళోనే తలో మాట చెప్తారు.

కొండారెడ్డి_బురుజు: అక్షరం పెట్టాలంటే ఏ గూడూరుకి పెడతారు? మాకొద్దు. జంక్షన్ వాళ్ళకి పెట్టుకోమనండి.

జంక్షన్_గూడూరు: మేమెందుకు మార్చుకోవాలి? పాత తాలూకా మాది.

బందరు_బిడ్డ: మీరూ మీరూ తేల్చుకోండి. నా పార్సిల్ మీద గూడూరు మండలం, మచిలీపట్నం దగ్గర, కృష్ణా జిల్లా అని అన్నీ రాసే ఉన్నాయి. ఆ కొరియర్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఊరి పేరు ఒక్కటే తీసుకుంటుందట. దీనికేం చేయాలో ఎవరైనా చెప్పండి.