సవత్‌దీ ఖ్రప్, సవత్‌దీ ఖా: తోక ఎవరిది, పలికేవారిదా, వినేవారిదా?

కృష్ణలంక కుర్రాడు:
వచ్చే నెల నేనూ మా ఆవిడా బ్యాంకాక్ వెళ్తున్నాం. ఎదుట మగవాళ్లుంటే ‘సవాస్దీ క్రాప్’, ఆడవాళ్లుంటే ‘సవాస్దీ కా’ అనాలని మా బావ చెబుతున్నాడు. కొన్న చిన్న పుస్తకంలో మాత్రం మాట్లాడేవారిని బట్టి అని ఉంది. పలకరింపు ఎదుటివాళ్ల కోసం కదా, మరి పలికేవాణ్ని బట్టి మారడం ఏమిటి? ఎవరి మాట నమ్మాలి?

హిందీ మేష్టారు:
పుస్తకమే నమ్మండి. మీరు మగవారు కనుక ఎవరితోనైనా ‘క్రాప్’, మీ ఆవిడ ఎవరితోనైనా ‘కా’. ఇందులో వింతేమీ లేదు. హిందీలో మగవాడు ‘మై జాతా హూ’ అంటాడు, ఆడమనిషి ‘మై జాతీ హూ’ అంటుంది. ఎదుట ఎవరున్నారన్నది లెక్కలోకి రాదు. ఇదీ అదే వ్యాకరణం. మన తెలుగులో ‘నేను వచ్చాను’ అందరికీ ఒకటే కాబట్టి మనకు కొత్తగా తోస్తుంది, అంతే.

బాంగ్నా నివాసి:
మేష్టారూ, ఫలితం సరిగ్గానే చెప్పారు గానీ కారణం అది కాదు. నేను బ్యాంకాక్‌లో చాలా ఏళ్లుగా అనువాద పనిలో ఉన్నాను. థాయ్‌లో క్రియ ఎవరి కోసమూ మారదు. ‘వెళ్లడం’ అంటే ‘పాయ్’. నేనైనా, నువ్వైనా, రాణిగారైనా, నిన్నైనా, రేపైనా అదే ‘పాయ్’. హిందీలో ‘జాతా’లోని చివరి అక్షరం తీసేస్తే వాక్యం కూలిపోతుంది. థాయ్‌లో ఖ్రప్ తీసేస్తే వాక్యానికి ఏమీ కాదు, మర్యాద మాత్రమే పోతుంది. ప్రాణ స్నేహితులు తమలో తాము అసలు వాడరు. అదే పిల్లవాడు మేష్టారి ముందు తోక లేకుండా మాట్లాడితే పెద్దవాళ్ల ముఖాలు మాడిపోతాయి.

పలికేవారిని బట్టి ఎందుకంటే, ఈ మాటలు ఎదుటివారిని పిలిచే మాటలుగా పుట్టలేదు, జవాబు చెప్పే మాటలుగా పుట్టాయి. ఖ్రప్ పాత రూపం ‘ఖో రప్’, ‘స్వీకరించడానికి అనుమతి కోరుతున్నాను’ అని. మన జమీందారీ కథల్లో నౌకరు ‘చిత్తం’ అంటాడు చూడండి, ఇంచుమించు ఆ మాట. ‘చిత్తం’ అన్నవాడు దొరను వర్ణించడం లేదు, తాను వినయంగా నిలబడ్డానని తెలియజేస్తున్నాడు. థాయ్ చారిత్రక సీరియళ్లలో ఇప్పటికీ మగ నౌకరు ‘ఖో రప్’ అంటాడు, దాసి ‘జావ్ ఖా’ అంటుంది. వినయం చూపించేది పలికే మనిషి కాబట్టి మాట కూడా ఆ మనిషినే అంటిపెట్టుకుంది. దొరగారికి బదులు దొరసాని వచ్చినంత మాత్రాన నౌకరు మాట మారదు కదా.

మీ బావగారి పొరపాటు ఎక్కడ మొదలైందో నాకు అర్థమవుతూనే ఉంది. మనకు వాక్యం చివర వచ్చే మర్యాద ‘అలాగేనయ్యా’, ‘అలాగేనమ్మా’. అది వినేవారిని బట్టి మారేది. ఖ్రప్‌ను ‘అయ్యా’ అని, ఖాను ‘అమ్మా’ అని అనుకున్నారు. ‘అలాగేనండీ’తో పోల్చుకుంటే కొంత నయం. కాకపోతే ఆ ‘అండీ’ మగవారికి ఒకటి, ఆడవారికి ఒకటి అనుకోవాలి.

పర్యాటక పిచ్చి:
బావగారొక్కరే కాదు, మనవాళ్లు సగం మంది అక్కడ అందరితో ‘కా’ అనే అంటారు. విమానం ఎక్కగానే, హోటల్ కౌంటర్లో, మసాజ్ దుకాణంలో ముందు పలకరించేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లు ‘సవత్‌దీ ఖాఆ’ అని సాగదీస్తారు. విన్నది విన్నట్టు తిరిగి అప్పజెబుతారు మనవాళ్లు. మీసాలు మెలేసిన పెద్దమనిషి కూడా ‘కాఆ’ అని రాగం తీస్తుంటే కౌంటర్ పిల్లలు పెదవి కొరుక్కుంటారు. కోప్పడరు, అర్థం కాకపోవడమూ ఉండదు.

వినయవిధేయుడు:
దీనికి ఇంత చర్చ ఎందుకు? చిన్నవాళ్లే ముందు చేతులు జోడించాలి, పెద్దవాళ్లు తర్వాత. హోటల్ సిబ్బందికి, చిన్న పిల్లలకు మనం ముందుగా నమస్కారం పెడితే వాళ్లకే ఇబ్బంది.

బాంగ్నా నివాసి:
మీరు చెప్పింది ‘వాయ్’ గురించి, నిజమే. కానీ ఇక్కడి ప్రశ్న చేతుల గురించి కాదు, నోటి గురించి. అయితే తేడా గమనించండి: చేతులు ఎప్పుడు, ఎంత ఎత్తున జోడించాలన్నది ఎదుటివారి వయసు, హోదాను బట్టి మారుతుంది. మాట చివరి ఖ్రప్, ఖా మాత్రం అలా మారవు. కంపెనీ అధ్యక్షుడు డ్రైవరుతో మాట్లాడినా ఖ్రప్పే, డ్రైవరు అధ్యక్షుడితో మాట్లాడినా ఖ్రప్పే.

ఆన్‌నుట్ అమ్మ:
అలాగైతే మా ఇంటి సంగతి వినండి. మా ఆయన ఉద్యోగం వల్ల బ్యాంకాక్ వచ్చాం. మా బాబుకు నాలుగేళ్లు, ఇక్కడి బాలబడికి వెళ్తున్నాడు. మొదట్లో ప్రతి మాటకీ ‘ఖా’ అనేవాడు. బడిలో టీచరమ్మలు, ఆయా, ఇంటి పక్క ఆంటీ, అందరూ ఆడవాళ్లే, వాళ్ల నోట విన్నదే నేర్చుకున్నాడు. అది సరే. ఒకరోజు గేటు దగ్గర నిలబడి చూశాను. టీచరమ్మ నాతో ‘సవత్‌దీ ఖా’ అంది. వెంటనే మా వాడివైపు వంగి ‘సవత్‌దీ ఖ్రప్’ అంది. వాడి వెనక వచ్చిన ఆడపిల్లతో మళ్లీ ‘సవత్‌దీ ఖా’. పలికింది ఒకే మనిషి, మారింది వినేవాళ్లే. మరి బావగారు చెప్పిందే కదా జరిగింది?

కృష్ణలంక కుర్రాడు:
ఈ మాట బావకు చూపిస్తే ఇక నన్ను బతకనివ్వడు.

హిందీ మేష్టారు:
ఆ టీచరు పొరపడి ఉంటుంది.

బాంగ్నా నివాసి:
లేదండీ, పొరపడలేదు. ఇక్కడ తల్లులు, నర్సులు, టీచరమ్మలు చిన్న మగపిల్లలతో ఇలాగే మాట్లాడతారు. ‘ఇలా రా ఖ్రప్’, ‘తిన్నావా ఖ్రప్’ అని. పిల్లవాడు తాను అనవలసిన మాటను వాడి చెవిలో వేయడం అది. మీ బాబు గురించి మీరు చెప్పిందే దానికి కారణం: చుట్టూ ఆడవాళ్లే ఉన్నప్పుడు మగపిల్లవాడికి ఖ్రప్ ఎవరు నేర్పుతారు? మన ఇళ్లలో తల్లి తన భర్తను చూపిస్తూ పిల్లవాడితో ‘నాన్నగారు వచ్చారు’ అంటుంది. ఆయన ఆమెకు నాన్న కాదు, పిల్లవాడి స్థానంలో నిలబడి ఆ మాట అంటోంది. టీచరమ్మ ఖ్రప్ కూడా అలాంటిదే. పలికేది ఆమె, మాట మాత్రం పిల్లవాడిది.

కావాలంటే ఇలా పరీక్షించండి. ఆ టీచరమ్మే మీ ఆయనను గేటు దగ్గర చూస్తే ఏమంటుంది? ‘ఖా’ అనే అంటుంది. వినేవారిని బట్టి మారే మాటే అయితే ఆయనకూ ఖ్రప్ రావాలి కదా.

ఆన్‌నుట్ అమ్మ:
నిజమే, ఆయన వదిలిపెట్టడానికి వెళ్లినప్పుడు ‘ఖా’ అనే అంటుంది. మా వాడు కూడా ఇప్పుడు ఖ్రప్‌లోకి మారాడు. కాకపోతే ‘ర’ మింగేసి ‘ఖప్’ అంటాడు. దిద్దాలా?

బాంగ్నా నివాసి:
అవసరం లేదు. మామూలు మాటల్లో ఇక్కడ దాదాపు అందరూ ‘ఖప్’ అనే అంటారు. వార్తలు చదివేవారు, వేదిక మీద మాట్లాడేవారు ‘ర’ పలుకుతారు. మనవాళ్లు దిద్దుకోవలసింది వేరే ఉంది. హల్లుతో ఆగడం మనకు చేతకాక ‘క్రాప్పు’ అంటాం. పెదవులు మూసి అక్కడే ఆపేయాలి, గాలి బయటికి రాకూడదు. ‘సవాస్దీ’లో ‘స్’ రాతలోనే ఉంటుంది. మాట మధ్యలో అలా ఆగిన ‘స’ వాళ్ల నోట ‘త్’ అవుతుంది, అందుకే ‘సవత్‌దీ’.

ఇక మీ శ్రీమతికి ఒక చిక్కు ఉంది, మీకు లేదు. మగవారి ఖ్రప్ ఎప్పుడూ ఒకే ఎత్తు స్వరంలో ఉంటుంది. ఆడవారిది రెండు రకాలు. మామూలు వాక్యం చివర, సవత్‌దీ చివర కూడా, గొంతు పైనుంచి కిందికి దిగుతుంది. ప్రశ్న అడిగినప్పుడు, ఎవరినైనా పేరుపెట్టి పిలిచినప్పుడు పొట్టిగా, ఎత్తుగా ‘ఖ’ అనాలి. రాతలో ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు థాయ్‌వాళ్లలోనే కొల్లలు. ఫోను సందేశాల్లో అది చూసి విసుక్కునేవాళ్లూ అంతే మంది.

పర్యాటక పిచ్చి:
నాకు ఒక్కటి మింగుడుపడదు. ‘ఖా’ శబ్దంలోనే ఆడతనం ఉందని, మెత్తగా ఉంటుందని ఒకాయన నాకు చెప్పాడు. అందుకే మగవాళ్లకు గరుకైన ఖ్రప్ పెట్టారట. నిజమేనా?

బాంగ్నా నివాసి:
శబ్దంలో ఏమీ లేదు. అవే సీరియళ్లలో రాజుగారి ముందు ఎవరేమంటారో వినండి. ఆడవాళ్లు ‘ఫేఖ’ అంటారు. మగవాళ్లు ఏమంటారో తెలుసా? ‘ఫయఖా’. కత్తి పట్టిన సేనాపతి నోటి చివర కూడా ఆ మెత్తటి ఖాయే. చియాంగ్‌మాయ్ వైపు వెళ్తే ఆడవాళ్లు ఖాకు బదులు ‘సవత్‌దీ జావ్’ అంటారు. ఏ శబ్దం ఎవరికన్నది అలవాటు తేల్చిన లెక్క.

మరో గొంతు:
అలవాటే అయితే దాన్ని ఎవరు ఎంచుకోవాలి? థాయ్‌లాండ్‌లో ట్రాన్స్ మహిళలు ఖా అంటారు, ఎదుటివాళ్లు మామూలుగానే తీసుకుంటారు. అంటే ఇది పుట్టుకను బట్టి వచ్చేది కాదు, నేను ఫలానా అని మనిషి ప్రతి వాక్యం చివరా చెప్పుకోవడం. నాకైతే ఇది బరువుగానే అనిపిస్తుంది. రొట్టె కొనడానికి వెళ్లినా ముందు ఆడో మగో తేల్చుకోవాలా? తెలుగు ‘అండీ’ ఎంత హాయి.

హిందీ మేష్టారు:
ఎవరి భాష వాళ్లది. అయినా ఎంచుకోగలిగేదైతే నియమం ఎలా అవుతుంది? టీచరమ్మ పిల్లవాడి బదులు పలికిందన్నారు, ఒప్పుకున్నాను. కానీ రేపు ఎవరు ఏది అన్నా ‘ఫలానా స్థానంలో నిలబడి అన్నారు’ అని సర్దేస్తే మీ సూత్రాన్ని తప్పని తేల్చడం ఎవరి వల్లా కాదు.

బాంగ్నా నివాసి:
ఆ దెబ్బ న్యాయమైనదే, మేష్టారూ. ఆడవాళ్లు పెద్ద మగవాళ్లందరితో ఖ్రప్ అనడం మొదలుపెట్టిన రోజున నా సూత్రం తప్పు. ఇప్పటికైతే అలా జరగడం లేదు. బరువు సంగతి అంటారా, తప్పించుకునే దారులు లేకపోలేదు. తనకన్నా చిన్నవాళ్లతో, చనువున్నవాళ్లతో ఆడామగా ఇద్దరూ ‘జా’ అనవచ్చు. కానీ అక్కడ వయసు అడ్డొస్తుంది, పెద్దవాళ్లతో అనకూడదు. ఒకటి వదిలించుకుంటే ఇంకొకటి పట్టుకుంటుంది.

మీరు ‘ఎవరి భాష వాళ్లది’ అన్నారు గానీ, సవత్‌దీ అన్న పలకరింపు కూడా ఏమంత పాతది కాదు. సంస్కృత ‘స్వస్తి’ నుంచి ఫ్రయా ఉపకిత్ సిల్పసాన్ అనే పండితుడు చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో వాడుకలోకి తెచ్చారు. అప్పటి ప్రధాని ఫిబూన్ ప్రభుత్వం 1943 జనవరిలో దేశమంతటికీ అధికారిక పలకరింపు చేసింది. అంతకుముందు ‘ఎక్కడికెళ్లి వస్తున్నారు’, ‘అన్నం తిన్నారా’ అని పలకరించుకునేవాళ్లు, ఇప్పటికీ ఊళ్లలో వినిపిస్తుంది. తోక ముందునుంచీ ఉంది, తల ఆ తర్వాత వచ్చింది.

కృష్ణలంక కుర్రాడు:
సరే, నాకు ఖ్రప్, ఆవిడకు ఖా. బౌద్ధ భిక్షువు ఎదురైతే కూడా ఇదేనా? వాట్ ఫో గుడికి వెళ్లాలనుకుంటున్నాం.

బాంగ్నా నివాసి:
తోక అదే, తల మారుతుంది. భిక్షువులతో సవత్‌దీ అనరు, ‘నమత్సకాన్ ఖ్రప్’ అంటారు. మీ ఆవిడ ‘నమత్సకాన్ ఖా’ అనాలి, భిక్షువును తాకకుండా కాస్త దూరంగా నిలబడాలి. ఆయన మీకు తిరిగి ఖ్రప్ చెబుతారని ఎదురుచూడకండి, ‘జరన్ ఫాన్’ అని దీవిస్తారు.

ఆన్‌నుట్ అమ్మ:
మా వాడు భిక్షువుకు చెయ్యూపి టాటా చెబుతాడు. దానికి ఏ తోక పెట్టాలో మేష్టారే చెప్పాలి.